కెమెరా ఆగదు, కంప్యూటర్ ఆగుతుంది

ఓవీ7670 అనే కెమెరా మాడ్యూల్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. వేలి గోరంత లెన్సు, రెండు వరసల పిన్నులు, అంతే. ఈసీఈ విద్యార్థుల ప్రాజెక్టు బల్లల మీద ఇది చాలాకాలంగా కనిపిస్తున్న సరుకే. 24 మెగాహెర్ట్జ్ క్లాక్ అందించి వీజీఏ పద్ధతిలో పెడితే సెకనుకు 30 ఫ్రేములు పంపిస్తుంది. ఒక్కో ఫ్రేములో 640 పిక్సెళ్ల వరసలు 480, ఒక్కో పిక్సెల్‌కు రెండు బైట్లు. పంపడం మొదలుపెట్టాక మధ్యలో "కాస్త ఆగు" అని చెప్పడానికి మాత్రం దానికి పిన్ను లేదు. అవతల పట్టుకునేవాళ్లు ఉన్నా లేకపోయినా బైట్లు వస్తూనే ఉంటాయి.

ఆ బైట్లను పట్టుకోవడానికి ఎఫ్‌పీజీఏ వాడతారు. తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్ అది. కెమెరా నుంచి ఎఫ్‌పీజీఏకి, అక్కడినుంచి యూఎస్‌బీ చిప్ మీదుగా కంప్యూటర్‌కి దారి వేయాలి. కెమెరా ఆగదు గానీ కంప్యూటర్ ఆగుతుంది. ఈ రెండిటి మధ్య ఎఫ్‌పీజీఏలో ఒక ఫైఫో పెడతారు. ముందు వచ్చిన బైటు ముందు బయటికి వెళ్లే నిల్వ అది. దాని లోతు ఎంత ఉండాలన్నది తేల్చకుండా కోడ్ మొదలుపెడితే, బొమ్మ ఒకరోజు బాగా వచ్చి మరునాడు ముక్కలై వస్తుంది. తప్పు ఎక్కడుందో తెలియక కెమెరానే మార్చేసేవాళ్లూ ఉంటారు.

వీఎల్‌ఎస్‌ఐ ఇంటర్వ్యూలకు చదివేవాళ్లకు ఒక లెక్క కంఠస్థం. రాసే వైపు వేగం 80 మెగాహెర్ట్జ్, చదివే వైపు 50, ఒక్కసారిగా వచ్చే గుంపు 120 పదాలు. ఫైఫో లోతెంత? 120 పదాలు రావడానికి పట్టే సమయంలో 75 పదాలు బయటికి పోతాయి, 45 మిగులుతాయి. కాబట్టి లోతు 45. లెక్క తప్పు కాదు. కాకపోతే అందులో చెప్పకుండా ఒప్పుకున్న షరతులు రెండు ఉన్నాయి. చదివేవాడు ఒక్క క్షణం కూడా ఆగడు, తర్వాతి గుంపు వచ్చేలోగా ఫైఫో పూర్తిగా ఖాళీ అవుతుంది. అసలు డిజైన్లలో ఈ రెండూ దొరకడం అరుదు.

మొదట రెండో షరతు సంగతి. కెమెరా డేటాషీట్ ప్రకారం ఒక వరసకు 1,568 క్లాక్‌లు పడతాయి. వాటిలో 1,280 క్లాక్‌ల పాటు క్లాక్‌కు ఒకటి చొప్పున బైట్లు వస్తాయి, మిగతా 288 క్లాక్‌లు ఖాళీ. అంటే 53.3 మైక్రోసెకన్ల జోరు, ఆ తర్వాత 12 మైక్రోసెకన్ల మౌనం. ఇలాంటివి 480 వరసలు అయ్యాక మరో 30 వరసల సమయం, అంటే దాదాపు 2 మిల్లీసెకన్లు, అసలేమీ రాదు. దాంతో ఒకే కెమెరాకు మూడు వేగాలు లెక్కకొస్తాయి. జోరు మీద ఉన్నప్పుడు సెకనుకు 24 మెగాబైట్లు, వరస మొత్తానికి సగటు చూస్తే 19.6, ఫ్రేము మొత్తానికి చూస్తే 18.4.

ఇప్పుడు చదివేవాడు ఆగకుండా సెకనుకు 20 మెగాబైట్లు తీసుకుంటాడనుకుందాం. ఒక వరస వచ్చే లోపు 214 బైట్లు పోగుపడతాయి. వరస చివరి 12 మైక్రోసెకన్లలో 240 బైట్లు తీయగలడు కనుక ఫైఫో ఖాళీ అవుతుంది. 256 బైట్ల ఫైఫో సరిపోయింది.

అదే వేగం 19కి తగ్గితే? ఒక్క మెగాబైటేగదా, ఫైఫోను ఓ ముప్పై బైట్లు పెంచితే చాలదా అనిపిస్తుంది. చాలదు. 19 మెగాబైట్ల వేగం వరస సగటు కంటే తక్కువ. అందుచేత ప్రతి వరస చివర సుమారు 39 బైట్లు మిగిలిపోతాయి. ఆ శేషం మీద తర్వాతి వరస శేషం చేరుతుంది. 480వ వరస ముగిసేసరికి ఫైఫోలో దాదాపు 18,800 బైట్లు నిలబడి ఉంటాయి. ఆ తర్వాత ఫ్రేముల మధ్య ఖాళీలో అదంతా కరిగిపోతుంది కాబట్టి డిజైన్ నడుస్తుంది. కానీ కావలసిన లోతు 214 నుంచి 18,800కి ఎగబాకింది. వేగంలో తేడా ఐదు శాతం, లోతులో తేడా ఎనభై రెట్లకు పైన.

ఇంకొక మెగాబైటు తగ్గించి 18 చేస్తే కథే మారిపోతుంది. ఇప్పుడు వేగం ఫ్రేము సగటు కంటే కూడా తక్కువ. ప్రతి ఫ్రేము చివర 14,640 బైట్లు తీయకుండా మిగిలిపోతాయి. 65,536 బైట్ల పెద్ద ఫైఫో పెట్టినా మొదటి ఫ్రేములో అది 50 వేల దాకా నిండుతుంది, రెండో ఫ్రేములో 64,776 దాకా వచ్చి అంచు దగ్గర ఆగుతుంది, మూడో ఫ్రేములో పొంగుతుంది. సిమ్యులేషన్‌లో ఒకటి రెండు ఫ్రేములు నడిపి చూసి "అంతా బాగుంది" అనుకున్నవాళ్లను బోర్డు మీద పడగొట్టేది సరిగ్గా ఇదే. వచ్చే సగటు కంటే పోయే సగటు తక్కువైతే ఏ లోతూ సరిపోదు. లోతు పెంచితే పొంగే సమయం కాస్త వెనక్కి జరుగుతుందంతే. అక్కడ మార్చవలసింది ఫైఫోను కాదు, లింకును. లేదంటే బొమ్మ సైజు తగ్గించాలి.

ఇక మొదటి షరతు, చదివేవాడు ఆగకపోవడం. యూఎస్‌బీ దగ్గర ఇది నిలబడదు. ఇలాంటి పనులకు వాడే ఎఫ్‌టీ232హెచ్ చిప్ సింక్రనస్ ఫైఫో పద్ధతిలో 60 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇస్తుంది, సెకనుకు 40 మెగాబైట్ల దాకా మోయగలదని దాని డేటాషీట్ చెబుతుంది. కెమెరా సగటు 18.4 మాత్రమే. కాగితం మీద చూస్తే రెట్టింపుకు పైగా వెసులుబాటు ఉంది, ఫైఫోనే అక్కర్లేదనిపిస్తుంది. అయితే యూఎస్‌బీలో ఈ రకం బదిలీకి ఇంత వేగం ఇస్తామన్న హామీ ఏదీ ఉండదు. వేరే పరికరాలకు ఇవ్వగా మిగిలిన సమయమే దీనికి దక్కుతుంది. కంప్యూటర్‌లో మరో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను పట్టుకున్నా, డేటా తీసుకునే ప్రోగ్రామ్ డిస్కు మీద రాస్తూ తర్వాతి అభ్యర్థన పంపడం ఆలస్యం చేసినా, చిప్ లోపలి ఒక కిలోబైటు బఫర్ చిటికెలో నిండిపోతుంది. వెంటనే చిప్ టీఎక్స్ఈ అనే తీగను పైకెత్తి "ఇక పంపకు" అంటుంది. ఎఫ్‌పీజీఏ ఆగిపోవాలి. కెమెరా ఆగదు.

ఊరి మధ్య రైల్వే గేటు దగ్గర బళ్లు ఆగడం ఎవరైనా చూసే ఉంటారు. గేటు ముందు వరస ఎంత పొడవు పెరుగుతుందన్నది ఆ రోడ్డు వెడల్పును బట్టి తేలదు. గేటు ఎంతసేపు వేశారు, ఆ కాసేపట్లో ఎన్ని బళ్లు వచ్చాయి అన్నదాన్ని బట్టి తేలుతుంది. గేటు తీశాక ఆ వరస కరగడానికీ సమయం కావాలి, ఆలోపే రెండో రైలు వస్తే పాత వరస వెనకే కొత్త వరస మొదలవుతుంది. ఫైఫో లోతు లెక్క అచ్చంగా ఇదే. ముందు తెలియవలసింది నిలుపుదల నిడివి.

ఉదాహరణకు ఒక కంప్యూటర్ మీద కొలిస్తే అన్నిటికంటే పొడవైన నిలుపుదల 2 మిల్లీసెకన్లు అని తేలిందనుకుందాం. ఆ 2 మిల్లీసెకన్లలో కెమెరా ఎన్ని బైట్లు కుమ్మరించగలదు? 24 మెగాబైట్లతో గుణిస్తే 48,000 వస్తుంది. ఇది ఎక్కువ అంచనా, మధ్యలో వరసల ఖాళీలు ఉంటాయి కదా. ఫ్రేము సగటుతో గుణిస్తే 36,900 వస్తుంది. ఇది తక్కువ అంచనా, ఎందుకంటే నిలుపుదల ఫ్రేముల మధ్య విరామంలోనే రావాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. అన్నిటికంటే చెడ్డ సందర్భం, ఏదో ఒక వరస మొదటి బైటు దగ్గర సరిగ్గా గేటు పడటం. అప్పటినుంచి 30 పూర్తి వరసలకు 1,960 మైక్రోసెకన్లు అవుతాయి, 38,400 బైట్లు వస్తాయి. మిగిలిన 40 మైక్రోసెకన్లలో తర్వాతి వరస నుంచి 960 బైట్లు. మొత్తం 39,360. కావలసిన కనీస లోతు ఇది.

గేటు తీశాక సంగతి కూడా చూడాలి. కంప్యూటర్ నిలకడగా సెకనుకు 30 మెగాబైట్లు తీసుకోగలిగితే, కెమెరా వరసల సగటు 19.6 పోగా సుమారు 10.4 మెగాబైట్ల వేగంతో నిల్వ కరుగుతుంది. 39,360 బైట్లు కరగడానికి దాదాపు 3.8 మిల్లీసెకన్లు. ఆలోపే మరో నిలుపుదల వస్తే పాత నిల్వ మీద కొత్తది పడుతుంది. అందుకని కొలిచేటప్పుడు నిలుపుదలల నిడివి ఒక్కటే చాలదు, వాటి మధ్య ఎడం ఎంతన్నదీ చూసుకోవాలి.

లోతు తెలిసింది. ఈ బైట్లను ఎఫ్‌పీజీఏలో ఎక్కడ దాచాలి? బేసిస్ 3, ఆర్టీ ఏ7-35టీ వంటి విద్యార్థుల బోర్డుల మీద ఉండేది ఆర్టిక్స్-7 కుటుంబంలోని 35టీ చిప్. అందులో నిల్వకు మూడు చోట్లున్నాయి. ఒక్కో బిట్‌ను పట్టుకునే ఫ్లిప్‌ఫ్లాప్‌లు 41,600. తర్కం చేసే చిన్న పట్టికలను మెమరీగా మలచుకుంటే వచ్చే డిస్ట్రిబ్యూటెడ్ ర్యామ్ గరిష్ఠంగా 400 కిలోబిట్లు. ఇవి కాక, మెమరీ కోసమే చిప్‌లో అచ్చుపోసి ఉంచిన 36 కిలోబిట్ల దిమ్మెలు 50. బ్లాక్ ర్యామ్ అంటే ఇవే. ఒక్కో దిమ్మెను 9 బిట్ల వెడల్పు పెట్టుకుంటే 4,096 అరలు వస్తాయి, అంటే 4,096 బైట్లు, ప్రతి బైటుతో పాటు ఒక అదనపు బిట్టూను. ఫ్రేము మొదటి బైటుకు గుర్తు పెట్టుకోవడానికి ఆ తొమ్మిదో బిట్టు బాగా పనికొస్తుంది.

39,360 బైట్లకు పది దిమ్మెలు చాలు. కాకపోతే, కాసేపట్లో చెప్పబోయే కారణం వల్ల ఇలాంటి ఫైఫో లోతు రెండు ఘాతంగా ఉండటం మేలు. 32,768 చాలదు కాబట్టి 65,536. దానికి 16 దిమ్మెలు పడతాయి. తొమ్మిదో బిట్టు కూడా వాడుకుంటే, టూల్ ఒక్కోసారి దిమ్మెలను ఒక్క బిట్టు వెడల్పున నిలువుగా పేర్చి 18 తీసుకుంటుంది. ఈ పైకి సవరించిన లోతు ఊరకే పోదు. 65,536 బైట్లంటే 51 వరసల పైచిలుకు, అంటే 3.3 మిల్లీసెకన్ల నిలుపుదలను తట్టుకుంటుంది. కొలిచిన 2 మిల్లీసెకన్ల మీద ఈ మాత్రం ఎడం ఉండటం మంచిదే, కొలిచిన రోజు కంప్యూటర్ మంచి మూడ్‌లో ఉండి ఉండవచ్చు.

బ్లాక్ ర్యామ్‌ను కోడ్‌లో పేరుపెట్టి పిలవనక్కర్లేదు. వెరిలాగ్‌లో ఒక పట్టికను ప్రకటించి, దాన్ని రాసే తీరు, చదివే తీరు దిమ్మె స్వభావానికి సరిపోయేలా రాస్తే సింథసిస్ టూల్ తనంతట తాను గుర్తుపట్టి అక్కడ బ్లాక్ ర్యామ్‌ను పెడుతుంది. దీన్నే ఇన్‌ఫరెన్స్ అంటారు. కెమెరా ఫైఫో గుండెకాయ ఇంత చిన్నది:

```verilog
(* ram_style = "block" *)
reg [7:0] mem [0:65535];

always @(posedge wr_clk)
  if (wr_en && !full)
    mem[wr_ptr[15:0]] <= din;

always @(posedge rd_clk)
  if (rd_en && !empty)
    dout <= mem[rd_ptr[15:0]];
```

ఇందులో కీలకం చివరి వరస. చదవడం కూడా క్లాక్ అంచు మీదే జరుగుతోంది. బ్లాక్ ర్యామ్ అలాగే తయారైంది. చిరునామాను క్లాక్ అంచున పట్టుకుంటుంది, ఆ తర్వాతే డేటా బయటికి వస్తుంది. చిరునామా మారిన మరుక్షణం డేటా మారే పద్ధతి దానికి చేతకాదు. ఈ సంగతి పట్టించుకోకుండా చదివే వరసను `assign dout = mem[rd_ptr[15:0]];` అని రాస్తే సిమ్యులేషన్‌లో ఫైఫో ఇంకా హాయిగా నడుస్తుంది, ఒక క్లాక్ ఆలస్యం కూడా ఉండదు. కానీ టూల్ దాన్ని బ్లాక్ ర్యామ్‌లో పెట్టలేదు. `ram_style` అని పైన రాసిపెట్టినా లాభం లేదు, లేని గుణాన్ని ఆ గుర్తు తెచ్చిపెట్టదు. క్లాక్ లేకుండా చదవగలిగేది డిస్ట్రిబ్యూటెడ్ ర్యామ్ మాత్రమే. మనకు కావలసినవి 5,24,288 బిట్లు. చిప్ మొత్తం మీద ఆ రకం ఉన్నది 4,09,600. డిజైన్ పట్టదు.

ఇంతకంటే ఘోరమైన తప్పు రీసెట్ దగ్గర జరుగుతుంది. రీసెట్ రాగానే అన్నీ సున్నా చేయాలన్న మంచి అలవాటు కొద్దీ కొందరు `for` లూప్ పెట్టి పట్టికలోని అరలన్నిటినీ ఒకేసారి తుడిచేస్తారు. దిమ్మెలోని అరలన్నిటినీ ఒక్క క్లాక్‌లో తుడిచే తీగ బ్లాక్ ర్యామ్‌లో లేదు. అప్పుడు టూల్ ఈ పట్టిక మెమరీ కాదని తేల్చుకుని ప్రతి బిట్టుకూ ఒక ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టడానికి సిద్ధపడుతుంది. ఐదు లక్షల పైచిలుకు కావాలి, ఉన్నవి నలభై ఒక్క వేలు. ఒక్కోసారి సింథసిస్ గంటల తరబడి తిరుగుతూ ఉండిపోవడానికి ఇదే కారణం. నిజానికి ఫైఫోలో పాత బైట్లు తుడవనే అక్కర్లేదు. రాసే, చదివే పాయింటర్లు రెండిటినీ సున్నా చేస్తే చాలు, లోపల ఏమున్నా ఎవరూ చదవరు.

తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఊహలు అక్కర్లేదు. వివాడో లాగ్‌లో `dissolved into registers` అన్న మాట కోసం వెతకాలి. అది కనిపిస్తే పట్టిక ఫ్లిప్‌ఫ్లాప్‌లుగా కరిగిపోయిందన్నమాట. కనిపించకపోయినా యుటిలైజేషన్ రిపోర్టులో `Block RAM Tile` ఎదురుగా ఉన్న అంకెను ముందే వేసుకున్న లెక్కతో పోల్చుకోవాలి. 16 రావలసిన చోట సున్నా వచ్చిందంటే కోడ్ మళ్లీ చదవాల్సిందే. కొత్తవాళ్లు ఈ పోలిక చేయకుండానే బోర్డు మీదికి దూకుతారు. ఒక్క నిమిషం పని అది.

ఫైఫోలో ఇంకో చిక్కు రెండు క్లాక్‌లు. కెమెరా వైపు 24 మెగాహెర్ట్జ్, యూఎస్‌బీ వైపు 60. రెండిటికీ పరస్పర సంబంధం లేదు. ఫైఫో ఖాళీయో కాదో చదివే వైపుకు తెలియాలంటే రాసే పాయింటర్ ఎక్కడుందో చూడాలి, కానీ ఆ పాయింటర్ వేరే క్లాక్ మీద కదులుతోంది. 0111 నుంచి 1000కి మారే క్షణంలో నాలుగు బిట్లూ మారతాయి. సరిగ్గా అప్పుడే చూస్తే కొన్ని పాతవి, కొన్ని కొత్తవి కలిసి అసలు ఎప్పుడూ లేని అంకె కనిపించవచ్చు. దీనికి విరుగుడు గ్రే కోడ్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రే పేరు మీద 1953లో వచ్చిన పేటెంట్ నుంచి దానికి ఆ పేరు వచ్చింది. ఆ కోడ్‌లో అంకె ఒకటి పెరిగినప్పుడల్లా ఒకే ఒక్క బిట్టు మారుతుంది. కాబట్టి అవతలి వైపు చూసినప్పుడు పాత అంకె అయినా కనిపిస్తుంది, కొత్త అంకె అయినా కనిపిస్తుంది, మూడోది కనిపించదు. పాయింటర్‌ను గ్రే కోడ్‌లోకి మార్చి, అవతలి క్లాక్ మీద రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా దాటిస్తారు. క్లిఫర్డ్ కమింగ్స్ 2002లో స్నగ్ సదస్సులో సమర్పించిన పత్రం ఈ పద్ధతికి ఇప్పటికీ చాలామంది ముందు చదివే పాఠం.

రెండు ఘాతం ఎందుకన్నదానికి జవాబు ఇక్కడుంది. చివరి అర నుంచి మళ్లీ మొదటి అరకు తిరిగినప్పుడు కూడా ఒకే బిట్టు మారాలంటే మామూలు గ్రే కోడ్‌లో చక్రం పొడవు రెండు ఘాతం కావాలి. నిండింది, ఖాళీ అయింది అన్న రెండు స్థితులను వేరు చేయడానికి పాయింటర్‌కు ఒక బిట్టు ఎక్కువ ఇస్తారు. 65,536 అరలకు 16 బిట్లు చాలినా పాయింటర్ 17 బిట్లుంటుంది. పైన కోడ్‌లో `[15:0]` అని కత్తిరించింది అందుకే. అవతలి పాయింటర్ కొన్ని క్లాక్‌లు ఆలస్యంగా కనిపిస్తుంది కనుక ఫైఫో నిజంగా నిండి ఉన్న సమయం కంటే కాస్త ఎక్కువసేపు నిండినట్టు చూపిస్తుంది. ఇది నష్టమే గానీ ప్రమాదం కాదు, ఒకటి రెండు అరలు లెక్కలోంచి తీసేసుకుంటే సరి. ఈ తతంగమంతా చేత్తో రాయడం ఇష్టం లేనివాళ్లకు వివాడోలో `xpm_fifo_async` అనే సిద్ధ మాడ్యూల్ ఉంది. నేర్చుకోవడానికి చేత్తో రాయడం, డబ్బు ముడిపడిన పనిలో సిద్ధ మాడ్యూల్ వాడటం తెలివైన పద్ధతి.

లోతు సరిపోయినా, క్లాక్‌లు సరిగ్గా దాటినా బైట్లు పోయే దారి ఇంకొకటి ఉంది. బ్లాక్ ర్యామ్ ఒక క్లాక్ ఆలస్యంగా డేటా ఇస్తుందని చెప్పుకున్నాం. ఎఫ్‌టీ232హెచ్ "పంపు" అన్నప్పుడు ఫైఫో నుంచి బైటు అడిగితే అది తర్వాతి క్లాక్‌కు చేతికొస్తుంది. సరిగ్గా ఆ క్లాక్‌కే చిప్ "పంపకు" అందనుకోండి. పాయింటర్ ముందుకు జరిగిపోయింది, బైటు బయట నిలబడింది, తీసుకునేవాడు లేడు. గేటు తీశాక దాని మీదికే మరో బైటు వచ్చి పడుతుంది. ప్రతి నిలుపుదలకూ ఒక్కో బైటు మాయం. పిక్సెల్‌కు రెండు బైట్లలో ఒకటి వెలుగు, ఒకటి రంగు కనుక, ఒక్క బైటు జారగానే అక్కడినుంచి వెలుగు రంగుగా, రంగు వెలుగుగా చదవబడి బొమ్మ వికారంగా మారిపోతుంది. రెండోసారి జారితే వెలుగు మళ్లీ తన చోటికి వస్తుంది, కానీ రెండు రకాల రంగు బైట్లు ఒకదాని చోట ఒకటి పడతాయి, బొమ్మ కూడా ఒక పిక్సెల్ పక్కకు జరుగుతుంది. దీనికి పరిష్కారం, బయటికి వచ్చిన బైటు చెల్లిందో లేదో ఒక గుర్తు పెట్టుకోవడం:

```verilog
wire take  = dout_valid && !txe_n;
wire rd_en = !empty && (!dout_valid || take);
assign wr_n = !dout_valid;

always @(posedge rd_clk)
  if (rd_en)     dout_valid <= 1'b1;
  else if (take) dout_valid <= 1'b0;
```

రీసెట్ వరస ఇందులో వదిలేశాం. సారాంశం ఏమిటంటే, చేతిలో బైటు లేనప్పుడో, ఉన్న బైటు ఇదే క్లాక్‌లో అవతలికి చేరుతున్నప్పుడో మాత్రమే ఫైఫోను మరో బైటు అడగాలి. నిలుపుదల వస్తే చేతిలోని బైటు చేతిలోనే ఉంటుంది. సిద్ధ మాడ్యూల్‌లో `fwft` అన్న పద్ధతి ఎంచుకుంటే ఇదే పని అది లోపల చేసిపెడుతుంది.

బైట్లు పొంగడం వల్ల పోయాయా, ఇలా జారడం వల్ల పోయాయా అన్నది తేల్చడం కష్టం కాదు. కెమెరాను పక్కనపెట్టి, అదే లయలో 0 నుంచి 255 దాకా పెరుగుతూ పోయే అంకెలు ఫైఫోలోకి పంపాలి. కంప్యూటర్ వైపు ఒక చిన్న ప్రోగ్రామ్ వరస తప్పిన చోట్లు వెతుకుతుంది. తప్పిన ప్రతిచోటా ఒక్కటే అంకె లోపిస్తే జారుడు. వందల కొద్దీ లోపిస్తే పొంగడం. సరిగ్గా 256 పోతే వరస తప్పనట్టే కనిపిస్తుంది కాబట్టి రెండు బైట్ల అంకెలు పంపడం ఇంకా నయం. దీనితో పాటు ఫైఫో నిండి ఉండగా రాయబోయినప్పుడు ఒక బిట్టు వెలిగి, రీసెట్ దాకా ఆరకుండా ఉండేలా పెట్టుకోవాలి. దాన్ని బోర్డు మీది ఎల్‌ఈడీకి కలిపేస్తే ఎవరినీ అడగక్కర్లేదు.

నిలుపుదల కొలవడం కూడా ఎఫ్‌పీజీఏకే అప్పగించవచ్చు. టీఎక్స్ఈ పైకి ఉన్నంతసేపు 60 మెగాహెర్ట్జ్ క్లాక్‌లను లెక్కపెట్టే కౌంటర్ ఒకటి, ఇప్పటిదాకా వచ్చిన అతి పెద్ద అంకెను దాచుకునే రిజిస్టర్ ఒకటి చాలు. 2 మిల్లీసెకన్లంటే 1,20,000. కౌంటర్‌ను 17 బిట్లకు కుదిస్తే 1,31,071 దాటగానే మళ్లీ సున్నాకు పోయి, పెద్ద నిలుపుదలను చిన్నదిగా చూపిస్తుంది. 24 బిట్లు పెడితే పావు సెకను పైదాకా నమ్మకంగా లెక్కిస్తుంది. ఫైఫో ఎంతవరకు నిండిందో చూపే గరిష్ఠ మట్టాన్ని కూడా ఇలాగే దాచుకోవచ్చు. కొలిచేటప్పుడు కంప్యూటర్‌ను ఖాళీగా ఉంచకూడదు. పెద్ద ఫైలు కాపీ చేస్తూ, బ్రౌజర్‌లో వీడియో నడిపిస్తూ, పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తూ రాత్రంతా నడిపితేనే వచ్చిన అంకెకు విలువ.

ఆ అంకె ఎంత వస్తుందన్నదాన్ని బట్టే బోర్డు ఎంపిక కూడా తేలుతుంది. 35టీ చిప్‌లోని 50 దిమ్మెలూ ఫైఫోకే ధారపోసినా 2,04,800 బైట్లు, అంటే 160 వరసలు, సుమారు 10 మిల్లీసెకన్ల నిలుపుదల. ఒక పూర్తి ఫ్రేము 6,14,400 బైట్లు, దానికి 150 దిమ్మెలు కావాలి, అవి ఆ చిప్‌లో లేవు. కొలతలో 10 మిల్లీసెకన్లు దాటిన నిలుపుదలలు కనిపిస్తే బ్లాక్ ర్యామ్‌తో కుస్తీ పట్టడం దండగ. బేసిస్ 3 బోర్డు మీద విడి ర్యామ్ చిప్ లేదు. ఆర్టీ ఏ7 మీద 256 మెగాబైట్ల డీడీఆర్3 ఉంది. కొనబోయేవాళ్లు ముందు నిలుపుదల కొలిపించుకుని, ఆ తర్వాత బోర్డుకు ఆర్డర్ పెట్టడం మంచిది.